అప్పీలు 109 రోజులు ఆలస్యం: కామెర్లు రాయకుండా డిలే అఫిడవిట్ ఎలా రాయాలి?

బాపట్ల జూనియర్ | 11 డిసెంబరు 2025, రాత్రి 9:10

నమస్కారం. ప్రాక్టీసులో రెండో ఏడు నాకు. క్లయింటు ఒక రైతు. ఎకరం ఇరవై సెంట్ల మీద శాశ్వత ఇంజంక్షన్ దావా వేస్తే జూనియర్ సివిల్ జడ్జి కోర్టు 2025 జులై 10న కొట్టేసింది. కాపీ అప్లికేషన్ ఆగస్టు 4న వేశారు. కాపీ ఆగస్టు 22న రెడీ అయింది, ఆయన 26న తీసుకున్నారు. అప్పీలు ఈ సోమవారం, డిసెంబరు 15న వేస్తున్నాం.

ఆలస్యానికి అసలు కారణం ఏంటంటే, ఆగస్టు 24 ఆదివారం ఊళ్లో పెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టారు. గట్టు దగ్గర కొంత వదులుకుంటే రాజీ అవుతుందని మాటలు సాగాయి. నవంబరు 16న అవి తెగిపోయాయి. తర్వాత పాత వకీలు గారి దగ్గర కట్ట తెచ్చుకోవడం, డబ్బు సర్దుకోవడం. మధ్యలో సెప్టెంబరు 8 నుంచి 14 దాకా జ్వరం, దానికి చీటీ ఉంది.

ఆఫీసులో పాత డ్రాఫ్టు ఒకటి ఇచ్చి పేరు మార్చమన్నారు. అందులో "కామెర్లతో మూడు నెలలు మంచాన పడి" అని ఉంది. సర్టిఫికెట్ కూడా దొరుకుతుందట. నాకది రాయాలని లేదు. నిజం రాస్తే పిటిషన్ నిలబడుతుందా? ఎన్ని రోజులని చూపాలి?

సాయి ఎల్ఎల్‌బీ | 9:32

లెక్క తేలికే బ్రో. కాపీ చేతికొచ్చిన రోజు నుంచి 30 రోజులు, అంటే సెప్టెంబరు 25. అక్కడి నుంచి డిసెంబరు 15కి 81 రోజులు. వంద లోపే కాబట్టి కంగారు లేదు. 1987లో కాతిజి కేసులో సుప్రీంకోర్టు డిలే విషయంలో ఉదారంగా ఉండమని చెప్పేసింది. అది సైట్ చేసి రెండు పేరాలు రాస్తే అలౌ చేస్తారు.

పాత గుమస్తా | 9:58

సాయి బాబూ, 81 అని వేస్తే ఆ కట్ట ఆఫీసు నుంచి తిరిగొస్తుంది. తిరిగి రాకపోతే ఇంకా ప్రమాదం, ఎదుటి వకీలు వాదనలప్పుడు పట్టుకుంటాడు.

కాపీ చివరి పేజీ వెనక ముద్ర చూడండి. అప్లికేషన్ వేసిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, కట్టిన తేదీ, కాపీ రెడీ అయిన తేదీ, ఇచ్చిన తేదీ వరసగా ఉంటాయి. మనకు కలిసొచ్చేది అప్లికేషన్ నుంచి రెడీ దాకానే. రెడీ అయ్యాక బీరువాలో పడి ఉన్న రోజులు మన ఖాతాలోవే. స్టాంపులు అడిగాక సకాలంలో కట్టకపోయినా అంతే.

తీర్పు రోజు వదిలేసి జులై 11 నుంచి లెక్కపెడితే ముప్పయ్యో రోజు ఆగస్టు 9. అప్లికేషన్ ఆగస్టు 4న, గడువులోపలే పడింది కాబట్టి 4 నుంచి 22 దాకా రెండు చివరలూ కలిపి 19 రోజులు తీసేయొచ్చు. ఆగస్టు 9కి 19 కలిపితే ఆగస్టు 28, గురువారం. అదే ఆఖరి రోజు. 28 నుంచి డిసెంబరు 15కి 109 రోజులు. కాపీ రోజులు మరిచిపోయి 128 వేసేవాళ్లూ ఉన్నారు. లేని ఆలస్యాన్ని ఒప్పుకోవడం అది.

ఇంతకీ స్టాంపులు ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కట్టారు? ముద్ర చూసి చెప్పండి లాయరు గారూ.

బాపట్ల జూనియర్ | 10:05

ఆగస్టు 8 శుక్రవారం అడిగారు, 11 సోమవారం కట్టారు గుమస్తా గారూ. మధ్యలో రెండో శనివారం, ఆదివారం.

పాత గుమస్తా | 10:11

అయితే ఇబ్బంది లేదు, 19 రోజులూ మనవే. సంఖ్య 109. అఫిడవిట్‌లోనూ, పిటిషన్ ప్రార్థనలోనూ, డాకెట్ మీదా ఒకే సంఖ్య ఉండాలి. మూడు చోట్ల మూడు అంకెలు వేసి తిరిగొచ్చిన కట్టలే ఎక్కువ.

కోనసీమ వకీలు | 10:47

గుమస్తా గారి లెక్క సరైనది. దాని మీదే నిలబడి మిగతాది చెబుతాను.

సాయి గారూ, కాతిజి తీర్పు ఇప్పటికీ చెల్లుతుంది. రోజుకో సంజాయిషీ అడగడంలో మొండితనం వద్దన్నది అందులోనిదే. కానీ ఆ ఒక్కదాని మీద బండి లాగే రోజులు పోయాయి. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మన తెలుగుగంగ భూసేకరణ కేసులోనే 5659 రోజుల ఆలస్యాన్ని మన్నించనని చెప్పింది. ఉదారత అంటే లిమిటేషన్ చట్టాన్ని పక్కన పెట్టడం కాదని అందులో ఉంది. మీది 109 రోజులు, దానితో పోలికే లేదు. అయినా జడ్జి గారు రోజుల సంఖ్య కన్నా ముందు కారణం చూస్తారు.

ఇక అసలు విషయం. సెక్షన్ 5 కింద చూపే కారణం గడువు ముగిసేలోపు పుట్టి ఉండాలి. ఆఖరి రోజు దాకా ఆగే హక్కు అప్పీలుదారుకు ఉంది. ఆ ఆఖరి రోజున ఎందుకు రాలేకపోయాడన్నదే మొదటి ప్రశ్న. గడువు దాటాక వచ్చిన కష్టం తర్వాతి రోజులకు పనికొస్తుంది గానీ, గడువు తప్పడానికి కారణం కాలేదు. 1981లోనే సుప్రీంకోర్టు గుజరాత్ నుంచి వచ్చిన ఒక అప్పీలులో ఈ మాట చెప్పింది.

మీ తేదీలు దీని పక్కన పెట్టండి. ఆఖరి రోజు ఆగస్టు 28. జ్వరం సెప్టెంబరు 8న వచ్చింది. చీటీ ఎంత నిజమైనదైనా ఆగస్టు 28న ఎందుకు రాలేదో చెప్పదు. రాజీ మాటలు 24న మొదలయ్యాయి, అంటే గడువుకు నాలుగు రోజుల ముందు. మీకు ఉన్న ఒకే ఒక్క నిజమైన కారణం అదే. కామెర్లు రాస్తే చేతిలో ఉన్న నిజాన్ని తీసి అవతల పారేసినట్టవుతుంది. తర్వాత "నిజానికి రాజీ మాటలు" అన్నా ఎవరూ వినరు.

ఫ్రిస్కో రమేష్ | 11:20

నాదీ ఇలాంటిదే. గుంటూరు దగ్గర మా నాన్నగారి ఇంటి మీద బాబాయి కొడుకు దావా వేసి నేను అమెరికాలో ఉండగా ఎక్స్‌పార్టీ డిక్రీ తెచ్చుకున్నాడు. నాకు సమన్లు అందలేదు. తెలిసి ఆరు నెలలైంది. అప్పీలు వేసి డిలే అడగాలంటే అఫిడవిట్ ఇక్కడ నోటరీ దగ్గర చేయించొచ్చా?

సుభద్ర | 11:41

రమేష్ గారూ, మీది వేరే దారి. సమన్లు అందకుండా వచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీకి ముందుగా చూడాల్సింది అదే కోర్టులో ఆర్డర్ 9 రూల్ 13 పిటిషన్. దాని గడువు 30 రోజులు. సమన్లు సరిగ్గా అందకపోతే ఆ 30 రోజులు మీకు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి మొదలవుతాయి. తెలిసి ఆరు నెలలైందంటున్నారు కాబట్టి దానికి మళ్లీ డిలే పిటిషన్ కావాలి. "ఎప్పుడు, ఎవరి ద్వారా తెలిసింది" అన్న ఒక్క వాక్యం మీదే మీ కేసు ఆధారపడుతుంది. తేదీ గుర్తులేదంటే కుదరదు. ఆ వార్త పంపిన మెసేజీ వెతికి పెట్టుకోండి. అఫిడవిట్‌కు కాన్సులేట్‌లో సంతకం చేస్తే తర్వాత పేచీ తక్కువ. వివరాలకు వేరే చర్చ తెరవండి, ఇక్కడ కలిస్తే ఇద్దరికీ గందరగోళం.

ఇక జూనియర్ గారికి. నేను ఎక్కువగా రెస్పాండెంట్ల తరఫున హాజరవుతాను, కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. కామెర్ల అఫిడవిట్ వస్తే నేను ఏం చేస్తానో వినండి. కౌంటరులో కాదంటాను. పిటిషనర్‌ను క్రాస్ చేయడానికి అనుమతి అడుగుతాను. డాక్టరును పిలిపించి ఓపీ రిజిస్టరు, రక్తపరీక్ష రిపోర్టు తెమ్మంటాను. కామెర్లన్నప్పుడు బిలిరుబిన్ రిపోర్టు ఒక్కటైనా ఉండాలి కదా. సర్టిఫికెట్ తప్ప ఏమీ ఉండదు.

నా క్లయింటు పక్క చేను వాడు. ఆ మూడు నెలల్లో పిటిషనర్ ఎక్కడెక్కడ కనిపించాడో ఊరంతటికీ తెలుసు. ఈ-క్రాప్‌కి వేలిముద్ర వేసిన రోజు, సొసైటీలో పంట రుణం తిరగరాసిన రోజు, నవంబరులో కోత కోయించిన రోజు. వీటిలో ఒక్క కాగితం దొరికినా చాలు. పిటిషన్ పోతుంది. దానితో పాటు బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 379 కింద అబద్ధపు సాక్ష్యం మీద విచారణ కోరుతూ ఇంకో అర్జీ వస్తుంది. కోర్టులో అబద్ధపు సాక్ష్యానికి బీఎన్ఎస్ సెక్షన్ 229లో ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. సంతకం క్లయింటుది, డ్రాఫ్టు మాత్రం మీది.

ఒక్క విషయంలో కోనసీమ వకీలు గారితో ఏకీభవించను. రాజీ మాటలు అంత బలమైన కారణం కాదు. "కాపీ 26న తీసుకున్నావు, 28 ఆఖరని నీకు తెలుసు, కావాలనే ఆగావు, అప్పీలు వేసి కూడా మాట్లాడుకోవచ్చుగా" అని అడుగుతాను. దీనికి జవాబు అఫిడవిట్‌లోనే లేకపోతే కష్టం.

కోనసీమ వకీలు | 12 డిసెంబరు, ఉదయం 6:35

సుభద్ర గారి ప్రశ్న న్యాయమైనదే. రాజీ మాటల మీద కోర్టులు రెండు రకాలుగానూ వెళ్లాయి. ఊరికే "రాజీ ప్రయత్నాలు జరిగాయి" అని ఒక ముక్క రాస్తే కొట్టేస్తారు. ఎవరు పిలిచారు, ఎక్కడ కూర్చున్నారు, ఎదుటి పక్షం వచ్చిందా, ఎప్పుడు తెగింది అన్నవి తేదీలతో ఉంటే సీరియస్‌గా తీసుకుంటారు. ఎదుటి పక్షం కూడా ఆ కూర్చోవడంలో పాల్గొందన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఇతను ఆగడానికి వాళ్లూ ఒక కారణమని తేలుతుంది.

జూనియర్ గారూ, క్లయింటును నాలుగు ప్రశ్నలు అడగండి. జవాబులు మీరు అందించకండి. ఆగస్టు 28 ఆఖరి రోజని ఆయనకు అప్పుడు తెలుసా? అప్పీలు వేసినా రాజీ పడొచ్చని ఎవరైనా చెప్పారా? పెద్దల్లో ఎవరు అఫిడవిట్ ఇస్తారు? నవంబరు 16 తర్వాత ఏ రోజు ఏం చేశాడు?

బాపట్ల జూనియర్ | మధ్యాహ్నం 1:15

అడిగాను సార్. నెల రోజుల గడువుంటుందని తెలుసట. కాపీకి పట్టిన రోజులు కలుస్తాయని, ఆఖరి రోజు ఎప్పుడని తెలియదట. అప్పీలు వేస్తే పెద్దలు మాట్లాడడం మానేస్తారని భయపడ్డాడు. వేసి కూడా రాజీ పడొచ్చని తెలియదట. సెప్టెంబరు 21, అక్టోబరు 12, నవంబరు 16న రామాలయం దగ్గర కూర్చున్నారు, అన్నిటికీ ఎదుటి వ్యక్తి వచ్చాడు. అక్టోబరు 12 కూర్చోవడం గురించి అతని కొడుకు పంపిన వాట్సాప్ మెసేజీ ఉంది. నవంబరు 24న పాత వకీలు గారి దగ్గర కట్ట తీసుకున్నాడు. డిసెంబరు 1న మా ఆఫీసులో వకాల్తా మీద సంతకం పెట్టాడు. కోర్టు ఫీజుకు డబ్బు ధాన్యం అమ్మాక డిసెంబరు 9న చేతికొచ్చింది.

కోనసీమ వకీలు | 3:02

ఇంతకన్నా ఏం కావాలి? దీన్ని కాలం వరసలో పెట్టండి, ప్రథమ పురుషలో కాదు, "నేను" అనే రాయండి. ఇంగ్లీషులో ఫైల్ చేసినా ముందు తెలుగులో రాసి క్లయింటుకు చదివి వినిపించండి. ఆయన తల అడ్డంగా ఊపిన చోట వాక్యం మార్చాలి. గుండెకాయ లాంటి పేరాలు ఇలా ఉండొచ్చు:

"3. సదరు తీర్పు 10-07-2025న వెలువడింది. 04-08-2025న నకలు కోసం దరఖాస్తు చేశాను. నకలు 22-08-2025న సిద్ధమైంది, 26-08-2025న తీసుకున్నాను. నకలుకు పట్టిన 19 రోజులు మినహాయిస్తే అప్పీలు దాఖలుకు ఆఖరి తేదీ 28-08-2025.

4. 24-08-2025న మా గ్రామ పెద్దలు నన్నూ, రెస్పాండెంట్‌నూ పిలిపించి గట్టు విషయం మాట్లాడి తీర్చుకోమన్నారు. ఇద్దరం ఒప్పుకున్నాం. తర్వాత 21-09-2025న, 12-10-2025న, 16-11-2025న కూర్చున్నాం. అన్నిటికీ రెస్పాండెంట్ హాజరయ్యారు. 16-11-2025న రాజీ కుదరలేదు.

5. అప్పీలుకు నెల రోజుల గడువు ఉంటుందని నాకు తెలుసు. నకలు రోజులు పోను ఆఖరి తేదీ ఏదో తెలియదు. అప్పీలు వేస్తే మాటలు ఆగిపోతాయని భయపడి ఆగాను. అప్పీలు దాఖలు చేసి కూడా రాజీ మాట్లాడుకోవచ్చని అప్పుడు నాకు తెలియదు.

6. 24-11-2025న నా కాగితాలు తీసుకున్నాను. 01-12-2025న ప్రస్తుత న్యాయవాదిని నియమించుకున్నాను. కోర్టు ఫీజుకు కావలసిన సొమ్ము ధాన్యం అమ్మగా 09-12-2025న వచ్చింది. 15-12-2025న అప్పీలు దాఖలు చేస్తున్నాను."

ఐదో పేరా చూసి భయపడకండి. "నెల గడువు తెలుసు" అన్న మాట మనకు ఎదురే. కానీ సుభద్ర గారు క్రాస్‌లో రాబట్టబోయేది ముందే మన నోట వచ్చేసింది. "నేను నిరక్షరాస్యుణ్ణి, చట్టం తెలియదు" అని మాత్రం రాయొద్దు. కాపీ కోసం స్వయంగా తిరిగిన మనిషి తెలుగులో సంతకం పెట్టి ఆ మాట అంటే మిగతా పేరాల మీద కూడా నమ్మకం పోతుంది.

జ్వరం వదిలేయండి. అది రాజీ మాటల కాలంలోనే పడింది, కొత్తగా ఏ రోజుకూ జవాబు చెప్పదు. పాత వకీలు గారి మీద కూడా నింద వేయొద్దు. కట్ట తీసుకున్న తేదీ చెబితే చాలు. ఆయన తప్పుందని నిజంగా చెప్పాల్సి వస్తే ఆయనకు తెలిసినది ఆయనే అఫిడవిట్‌గా ఇవ్వాలి, మన క్లయింటు ఊహించి చెప్పకూడదు.

సాయి ఎల్ఎల్‌బీ | 3:40

81 దగ్గర నాదే పొరపాటు, రెడీ తేదీకీ తీసుకున్న తేదీకీ తేడా పట్టించుకోలేదు. ఒక డౌటు. కేసులో మన బలం ఎంతో, గట్టు మనదే అని నాలుగు పేజీలు రాస్తే జడ్జి గారు మెత్తబడరా?

కోనసీమ వకీలు | 4:05

ఒక పేరా చాలు. అప్పీలులో వాదించదగ్గ అంశం ఉందని, దావాలో ఫలానా దస్తావేజు చర్చకు రాలేదని చెప్పండి. నాలుగు పేజీలు రాస్తే ఆలస్యానికి చెప్పుకోవడానికి ఏమీ లేదనిపిస్తుంది.

సుభద్ర | 6:18

డ్రాఫ్టు బాగుంది. నా వైపు నుంచి ఎక్కడ గీకుతానో కూడా చెబుతాను. నవంబరు 16 నుంచి డిసెంబరు 15 దాకా 29 రోజులు. 24న కట్ట చేతికొచ్చాక డిసెంబరు 1 దాకా వారం ఖాళీగా కనిపిస్తోంది. ఆ వారంలో ఏం జరిగిందో అడిగి, జరిగినది ఉంటే రాయండి. ఏమీ జరగకపోతే కల్పించకండి. వారం ఖాళీని చాలామంది జడ్జిలు పట్టించుకోరు, కల్పన దొరికితే మాత్రం పట్టించుకుంటారు.

ధాన్యం అమ్మిన రసీదు జత చేయండి. వాట్సాప్ మెసేజీ వేస్తే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ ఉండాలి, ఉత్త స్క్రీన్‌షాట్ ప్రింటు మీద అభ్యంతరం చెబుతాను. పెద్దల్లో ఒకరి అఫిడవిట్ ఉంటే నా క్లయింటు "కూర్చోలేదు" అనడానికి జంకుతాడు. అందులో తేదీలు, ఎవరెవరు వచ్చారన్నది మాత్రమే ఉండాలి. ఎవరు ఎంత వదులుకుంటామన్నారో రాయకండి. "అరసెంటు వదులుతానన్నాడు" అన్న మాట రేపు అప్పీలులో మీ మీదకే వస్తుంది.

ఇంత చేసినా రాజీ మాటలు సరిపోతాయా లేదా అన్నది జడ్జి గారి చేతిలోదే. నేనైతే గట్టిగానే ఎదిరిస్తాను.

పాత గుమస్తా | 7:30

దాఖలు విషయం నాలుగు ముక్కల్లో. ఆర్డర్ 41 రూల్ 3ఏ ప్రకారం డిలే పిటిషన్, అఫిడవిట్ అప్పీలుతో పాటే వెళ్లాలి. తర్వాత వేస్తామంటే అప్పీలు తీసుకోరు. కోర్టు ఫీజు దావాకి ఎంత కట్టారో చూసుకోండి, అప్పీలుకూ మామూలుగా అంతే.

అఫిడవిట్ వకాల్తా ఉన్న లాయరు గారి ముందు కాకుండా ఇంకో అడ్వకేట్ గారి ముందు సంతకం పెట్టించండి. ఇంగ్లీషులో ఉంటే, తెలుగులో చదివి వినిపించగా అర్థం చేసుకుని సంతకం పెట్టాడన్న మాట చివర ఉండాలి. కొట్టివేతల పక్కన క్లయింటు సంతకం, అటెస్ట్ చేసినవారి సంతకం కూడా ఉండాలి. ప్రతి పేజీ కింద సంతకం.

అభ్యంతరాలతో కట్ట తిరిగొస్తే ఇచ్చిన గడువులో మళ్లీ పెట్టండి. ఆ గడువు దాటితే రీప్రెజెంటేషన్ ఆలస్యానికి ఇంకో పిటిషన్, ఇంకో అఫిడవిట్. 109 రోజులకు మంచి కారణం చెప్పి, తిరిగొచ్చిన కట్టను నలభై రోజులు టేబుల్ మీద పెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఖర్చులు కట్టమని షరతు పెట్టి అలౌ చేస్తే ఆ తేదీ క్యాలెండర్లో ఎర్రగా రాసుకోండి. ఆ రోజు దాటితే పిటిషన్ కొట్టేసినట్టే అని ఆర్డరులోనే ఉంటుంది.

బాపట్ల జూనియర్ | 9:45

అందరికీ ధన్యవాదాలు. ఆ వారం గురించి అడిగాను. నవంబరు 25 నుంచి 30 దాకా కోత పనుల్లో ఉన్నాడట, వేరే ఏమీ లేదు. అదే రాస్తున్నాను. పెద్దల్లో ఒకాయన అఫిడవిట్ ఇస్తానన్నారు. రెండో ఆయన ఎదుటి వాళ్లకు బంధువు, రానన్నారు. ఒక్కటే మిగిలింది. ఈలోగా ఎదుటివాడు గట్టు దున్నేస్తే ఎలా? డిలే తేలకుండా స్టే రాదంటున్నారు ఆఫీసులో.

కోనసీమ వకీలు | 10:20

రూల్ 3ఏ ఆపేది డిక్రీ అమలు మీద స్టేని. మీ దావా కొట్టేశారు కాబట్టి అమలు చేయడానికి డిక్రీ ఏమీ లేదు. మీకు కావలసింది అప్పీలు తేలేదాకా మధ్యంతర ఇంజంక్షన్, దానికి వేరే ఐ.ఏ. వేయాలి. అయితే డిలే మన్నించేదాకా అప్పీలుకు నంబరు పడదు, నంబరు లేని అప్పీలులో ఆ ఐ.ఏ. వినడానికి చాలామంది జడ్జిలు ఇష్టపడరు. కొందరు అత్యవసరమని చూపితే వింటారు. మీ కోర్టులో పద్ధతేంటో సోమవారం అక్కడే కనుక్కోండి. ఏదైనా డిలే పిటిషన్‌లో నోటీసు వెంటనే ఇప్పించుకుని తొందరగా తేల్చమని అడగడమే మేలు.

సుభద్ర | 10:31

అర్జెంటు అంటూ ఆ ఐ.ఏ. వేస్తే "అంత అర్జెంటైతే 109 రోజులు ఎందుకు ఆగావు" అన్న ప్రశ్న వస్తుంది. దున్నబోతున్నాడన్న భయం ఈ వారమే కొత్తగా పుట్టిందా, ఏ తేదీన ఏం చూశాడు అన్నది ఆ అఫిడవిట్‌లో విడిగా రాయండి.

పాత గుమస్తా | 10:50

లాయరు గారూ, రోజుల సంఖ్య ఇప్పుడే టైప్ చేయించకండి. అఫిడవిట్‌లో, పిటిషన్‌లో, డాకెట్ మీద ఆ చోటు ఖాళీగా ఉంచి సోమవారం కౌంటర్ దగ్గరికి వెళ్లేముందు పెన్నుతో వేయండి, అఫిడవిట్ సంతకం కూడా అప్పుడే పెట్టించండి. ఏదో కాగితం తక్కువై మంగళవారానికి జారితే అది 110, ఆరో పేరాలో తేదీ కూడా మారాలి.